కాగితం మీది బొమ్మను గళ్లతో గోడకెక్కించడం: కొలతల నుంచి రంగుల లెక్క దాకా

గోడ మీద బొమ్మ వేయాలనుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి రెండే ప్రశ్నలు. కాగితం మీద ముచ్చటగా ఉన్న బొమ్మ గోడ మీదికి రాగానే ఎందుకు వంకర పోతోంది? రంగు ఎంత కొనాలి? ఈ రెంటికీ జవాబు గళ్లలోనే ఉంది. బొమ్మను పెంచడానికి గీసుకున్న గళ్లనే లెక్కపెడితే ఏ రంగు ఎంత కావాలో కూడా తేలిపోతుంది. చాలామంది గళ్లను గీతల వరకే వాడుకుని, రంగు మాత్రం అందాజుగా కొంటారు. సగంలో రంగు అయిపోవడం, మళ్లీ కలిపినది పాతదానితో కలవకపోవడం అక్కడే మొదలవుతాయి.

గాలిలో చెబితే అర్థం కాదు కాబట్టి ఒక గోడను ఎదురుగా పెట్టుకుందాం. ఊరి బడి ప్రహరీగోడ, రోడ్డు వైపు. రెండు స్తంభాల మధ్య వెడల్పు 13 అడుగుల 2 అంగుళాలు, ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. బొమ్మేమో రెక్కలు విప్పి, పూసిన తంగేడు కొమ్మ మీద వాలుతున్న పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి, రాష్ట్ర పువ్వు రెండూ ఒకే చోట ఉంటాయి, బడి గోడకు నప్పుతుంది. పైగా రంగుల విషయంలో ఈ బొమ్మ ఒక చిక్కు పెడుతుంది. అది నాలుగో అంచెలో చూద్దాం.

కావలసినవి

కొలతకు: స్టీలు టేపు, రసమట్టం, తూకం గుండు, నూలు దారం, తెల్ల సుద్దపొడి, మెత్తని బొగ్గుకడ్డీలు, పొడిగుడ్డలు. రసమట్టం లేకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు.

గోడకు: స్క్రాపర్, ఎమెరీ కాగితం, బయటి గోడల పుట్టీ అవసరమైనంత, బయటి గోడల ప్రైమర్ 1 లీటరు.

రంగుకు: బయటి గోడల తెల్ల ఎమల్షన్ 3 లీటర్లు. తెలుపులో కలిపే ఘాటు రంగులు, అంటే స్టెయినర్లు: ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, నీలం, ఆకుపచ్చ, నలుపు చిన్న సీసాలు ఒక్కొక్కటి. పసుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, ముదురు గోధుమ రంగులు అక్రిలిక్ జార్లలో. ఇవి ఎందుకు విడిగా కొనాలో ఆరో అంచెలో ఉంది. 4 అంగుళాల బ్రష్షు లేదా రోలరు, 2 అంగుళాలు, 1 అంగుళం బ్రష్షులు, గుండ్రటి సన్న బ్రష్షులు రెండు. మూతలున్న డబ్బాలు ఏడు. మందుల షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి ఒకటి, సూది లేకుండా.

డిస్టెంపర్ కొనకండి, బయటి గోడ మీద రెండు వానలకు కారిపోతుంది. ఎనామిల్ కూడా వద్దు. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి లేక పొరలుగా లేచిపోతుంది, ఎండలో తళతళలాడి బొమ్మ సరిగా కనిపించదు కూడా.

1. ముందు గోడను పరీక్షించండి

అరచేతితో గోడను గట్టిగా రుద్దండి. చేతికి తెల్లగా అంటితే అది పాత సున్నం. దాని మీద ఏ రంగు వేసినా సున్నంతో పాటే ఊడుతుంది. స్క్రాపర్‌తో గీకి, కడిగి, ఎమెరీ పట్టాలి. పాత రంగు ఉన్న గోడైతే తడిపి రుద్దండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ పొడి పీల్చకూడదు. బడి పిల్లలు అటు తిరగని రోజు చూసుకోండి.

తర్వాత చెమ్మ పరీక్ష. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు పక్కలా టేపుతో గాలి దూరకుండా గోడకు అంటించి, మర్నాడు తీసి చూడండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే కనీసం నాలుగు వారాలు ఆగాలి. గోడ కింది భాగంలో తెల్లటి ఉప్పు పొడిలా తేలుతుంటే, దాన్ని కడిగితే పోదు. పొడి బ్రష్షుతో దులిపి, నీరు ఎటునుంచి వస్తోందో చూసి ఆపాలి. ఆపలేకపోతే ఆ భాగంలో బొమ్మ పెట్టకండి.

పగుళ్లు పుట్టీతో పూడ్చి, ఆరాక రుద్ది, ప్రైమర్ ఒక చేయి, అంటే ఒక పూత, వేయండి. ఈ గోడకు 1 లీటరు సరిపోతుంది.

2. బొమ్మ నిష్పత్తి, గోడ నిష్పత్తి కలపండి

బొమ్మ వంకరపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. కాగితం ఒక ఆకారంలో, గోడ మరో ఆకారంలో ఉంటాయి. రెంటినీ పది గళ్లుగా కోసేస్తే కాగితం మీద చతురస్రంగా ఉన్న గడి గోడ మీద పొడుగాటిది అవుతుంది. పక్షి కూడా సాగిపోతుంది. గడి కాగితం మీదా గోడ మీదా చతురస్రంగానే ఉండాలి. మిగిలిన గోడను అంచుగా వదిలేయాలి గానీ బొమ్మను సాగదీయకూడదు.

మన గోడ మీద 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు తీసుకుందాం. వెడల్పులో 14 అంగుళాలు మిగిలాయి, అటు 7, ఇటు 7. ఎత్తులో 9 అంగుళాలు మిగిలాయి. వాటిని పైనా కిందా పంచకండి, మొత్తం కిందికే వదలండి. వానాకాలంలో నేల మీది బురద చింది గోడ అడుగున పడుతుంది. అక్కడ ముదురు గోధుమ పట్టీ ఉంటే బొమ్మకు మరక అంటదు.

వెడల్పు ఎత్తుకు రెట్టింపు కాబట్టి కాగితం మీద బొమ్మ చట్రం 24 సెం.మీ. × 12 సెం.మీ. ఉండాలి. ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. ఇప్పటికే వేరే కొలతలో బొమ్మ వేసి ఉంటే దాని చుట్టూ ఖాళీ కలిపో, అంచు కత్తిరించో 2:1 కి తెచ్చుకోండి.

3. కాగితం మీద గళ్లు

2 సెం.మీ. గళ్లు గీయండి. అడ్డంగా 12, నిలువుగా 6, మొత్తం 72 గళ్లు. కాగితం మీద 2 సెం.మీ. అంటే గోడ మీద 1 అడుగు. ఇక లెక్కంతా నోటితోనే అయిపోతుంది: కాగితం మీద 1 సెం.మీ. గోడ మీద 6 అంగుళాలు, అర సెం.మీ. 3 అంగుళాలు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. కాగితం మీద 1 మి.మీ. గోడ మీద 15 మి.మీ. అవుతుంది. అర మి.మీ. పెన్సిల్ గీత గోడ మీద చిటికెన వేలు సగం మందం ఉంటుంది. అందుకే కాగితం మీద గీత చెదిరి, రెండు మూడు గీతలుగా ఉంటే గోడ దగ్గర నిలబడి ఏది అసలుదో తేల్చుకోలేరు. గళ్లు గీయకముందే బొమ్మను ఒంటి గీతతో శుభ్రంగా తిరగరాసుకోండి. అసలు బొమ్మ పాడవకుండా దాని జిరాక్సు మీద గళ్లు గీయండి, ఆ గళ్లతోనే ఇంకో రెండు జిరాక్సులు తీసి రంగుల కోసం అట్టేపెట్టండి.

నిలువు వరసలకు 1 నుంచి 12 అంకెలు వేయండి. అడ్డ వరసలకు పైనుంచి కిందికి క, చ, ట, త, ప, ర. ఇలా వేరువేరుగా కనిపించే అక్షరాలనే తీసుకోండి. వరసగా వేస్తూ పోతే ఘ, ప, య లాంటివి సుద్దతో హడావిడిగా రాసినప్పుడు ఒకటిలాగే కనిపిస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి పని చేసేటప్పుడు “చ-7 చూడు” అంటే వేలు నేరుగా అక్కడికే పోవాలి.

4. రంగులు కాగితం మీదే తేల్చుకోండి

జిరాక్సు మీద రంగు పెన్సిళ్లతో బొమ్మ నింపండి. ఎన్ని రంగులు వాడినా చివరికి ఏడుకు కుదించండి. ఈ బొమ్మకు ఆ ఏడూ ఇవి: వెనక ఇసుక రంగు, ఆకులకు ముదురు ఆకుపచ్చ, పూలకు పసుపు, పక్షికి లేత నీలం, ముదురు నీలం, రొమ్ముకు ఇటుక ఛాయ గోధుమ, కొమ్మకు ముదురు గోధుమ. పాలపిట్టను దగ్గరగా చూస్తే రొమ్ము గులాబీ ఛాయ ఉన్న గోధుమ రంగు, నడినెత్తి నీలం. రెక్క విప్పితే లేత నీలం, ముదురు నీలం పట్టీలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఆ పట్టీలే ఈ బొమ్మకు ప్రాణం.

వెనక ఆకాశం నీలం పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. పెడితే పక్షి అందులో కలిసిపోతుంది. అందుకే ఇసుక రంగు.

ఇప్పుడు రంగు వేసిన జిరాక్సును ఫోనుతో ఫోటో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. చెప్పిన చిక్కు ఇక్కడ బయటపడుతుంది. నీలి రెక్కలు ఇసుక రంగు మీద స్పష్టంగా ఉంటాయి గానీ తంగేడు పూలు మాయమైపోతాయి. పసుపూ, ఇసుకా రెండూ ఒకే లేతదనం. రంగులో కనిపించే తేడా దగ్గరలో చాలుతుంది. రోడ్డు అవతలినుంచి చూసే కంటికి ముదురు-లేత తేడాయే పనిచేస్తుంది. పూల పసుపును ఇంకా గాఢంగా చేస్తే ఇది తీరదు. ప్రతి పూగుత్తి వెనకా ముదురు ఆకుల గుంపు పెట్టాలి. గుత్తి అంచులో కనీసం నాలుగింట మూడు వంతులు ఆకుపచ్చకు ఆని ఉండేలా ఆకులు జరపండి. మళ్లీ ఫోటో తీయండి. పూలు తెల్ల చుక్కల్లా తేలి కనిపిస్తే సరిపోయినట్టే.

ఈ మార్పు కాగితం మీద ఐదు నిమిషాల పని. గోడ మీదైతే ఒక రోజు.

5. గళ్లు లెక్కపెట్టి రంగు తేల్చండి

గోడ మీద ఒక్కో గడి సరిగ్గా 1 చదరపు అడుగు. కాబట్టి రంగు వేసిన జిరాక్సు మీద ఏ రంగు ఎన్ని గళ్లు ఆక్రమించిందో లెక్కపెడితే అదే చదరపు అడుగుల లెక్క. గడిని నాలుగు పావులుగా ఊహించుకుని పావు, అర, ముప్పావు అని రాసుకుంటూ పోండి. కొమ్మల్లాంటి సన్న వాటికి ఇదే మేలు. చివర్లో అన్నీ కూడితే 72 రావాలి. రాకపోతే ఎక్కడో రెండుసార్లు లెక్కపెట్టారు, లేదా వదిలేశారు.

నున్నటి, ప్రైమర్ వేసిన గోడ మీద 1 లీటరు ఎమల్షన్ రెండు చేతులకు సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది. బొమ్మల పనిలో అంచులు దిద్దడం, డబ్బాలో, బ్రష్షులో మిగలడం ఉంటాయి కాబట్టి 40 అని వేసుకోండి. ఆపైన పావు వంతు అదనం. గరుకు గోడైతే 30 అనుకోవాలి.

మన బొమ్మకు లెక్క ఇలా వస్తుంది:

- ఇసుక రంగు 38 గళ్లు, కానీ బొమ్మ కింద కూడా ముందే వేస్తాం కాబట్టి 72 కి లెక్క: 1800 మి.లీ., అదనంతో 2250
- ముదురు ఆకుపచ్చ 11 గళ్లు: 275 మి.లీ., అదనంతో 350
- పసుపు 5 గళ్లు: 125 మి.లీ., కానీ 250 పెట్టుకోవాలి
- లేత నీలం 6 గళ్లు: 150 మి.లీ., అదనంతో 200
- ముదురు నీలం 4 గళ్లు: 100 మి.లీ., అదనంతో 150
- రొమ్ము గోధుమ 5 గళ్లు: 125 మి.లీ., అదనంతో సుమారు 150
- కొమ్మ గోధుమ 3 గళ్లు: 75 మి.లీ., అదనంతో 100

పసుపుకు రెట్టింపు ఎందుకంటే, పసుపు కింది రంగును కప్పలేదు. అడుగున తెలుపు పల్చగా పడితే రెండు చేతులకు బదులు మూడు నాలుగు పడతాయి. అడుగున ఉండే 9 అంగుళాల పట్టీ ఈ లెక్కలో లేదు, అది సుమారు 10 చదరపు అడుగులు. దానికి కొమ్మ రంగే మరో 300 మి.లీ. కొనండి. రెండు పక్కల 7 అంగుళాల అంచుల్లో కూడా ఇసుక రంగే వేస్తే ఆ రంగు ఇంకో 250 మి.లీ. కలపాలి.

6. రంగులు కలపడం

స్టెయినరుకు ఒక హద్దు ఉంది. తెల్ల ఎమల్షన్ లీటరుకు 30 మి.లీ. దాటకుండా ఉంటే మంచిది. డబ్బా మీద వేరే లెక్క రాసి ఉంటే దాన్నే పాటించండి. మోతాదు మించితే రంగు గోడకు పట్టదు, ఆరాక చేత్తో రుద్దితే అంటుతుంది. ఇంత తక్కువ మోతాదులో తెలుపునుంచి లేత రంగులే వస్తాయి. ముదురు నీలం కావాలని సీసాడు స్టెయినరు పోసేవాళ్లు వానాకాలం అయ్యాక గోడ మీద నీలి చారలు చూస్తారు. అందుకే ముదురు రంగులు అక్రిలిక్ జార్లలో కొనమన్నది. అవి నీటితో కలిసేవే, ఎమల్షన్‌తో బాగా కలుస్తాయి. పెద్ద మోతాదు అవసరమైతే షాపులో యంత్రంతో కలిపించుకోవచ్చు.

మొదలుపెట్టడానికి పాళ్లు ఇవి, తర్వాత మీ కంటికి తగ్గట్టు సవరించుకోండి.

ఇసుక రంగు: తెలుపు 2250 మి.లీ., ఎల్లో ఆక్సైడ్ 34 మి.లీ., రెడ్ ఆక్సైడ్ 5.5 మి.లీ. పక్క అంచులకు కూడా వేస్తే అదే పాళ్లలో 2500 కి పెంచి ఒకేసారి కలపండి.

లేత నీలం: తెలుపు 200 మి.లీ., నీలం 1 మి.లీ., ఆకుపచ్చ రెండు మూడు చుక్కలు. నీలం స్టెయినరు చాలా ఘాటు. ఒక మి.లీ. వేసి కలిపి చూశాకే ఇంకో చుక్క.

రొమ్ము గోధుమ: తెలుపు 150 మి.లీ., రెడ్ ఆక్సైడ్ 3 మి.లీ., ఎల్లో ఆక్సైడ్ 1 మి.లీ., నలుపు ఒకే ఒక్క చుక్క.

స్టెయినరును నేరుగా డబ్బాలో పోయకండి. చిన్న గ్లాసులో నాలుగు చెంచాల తెలుపు తీసుకుని అందులో కలిపి, చారలు పోయాక పెద్ద డబ్బాలో పోసి అడుగునుంచి కలపాలి. నేరుగా పోస్తే కలవని స్టెయినరు అంచుకు అంటుకుని, పని మధ్యలో బ్రష్షుకు తగిలి గోడ మీద ముదురు గీత పడుతుంది.

ప్రతి రంగునూ ఒక అట్టముక్క మీద రెండు చేతులు వేసి, వెనక పాళ్లు రాసి, పూర్తిగా ఆరాక గోడ దగ్గర ఎండలో పెట్టి చూడండి. ఆరాక సాధారణంగా ఒక పిసరు ముదురవుతుంది. ట్యూబులైటు కింద రంగు నిర్ణయించుకోకండి.

ఏ రంగైనా మొత్తం ఒకేసారి కలపాలన్నది మాత్రం మరవకండి. రెండోసారి ఎంత జాగ్రత్తగా కలిపినా అతుకు తెలుస్తుంది.

7. ముందు వెనక రంగు వేయండి

గళ్లకంటే ముందే ఇసుక రంగు మొత్తం గోడకు రెండు చేతులు వేయండి, మధ్య కనీసం నాలుగు గంటలు ఆరనివ్వండి. గళ్లు గీసి, బొమ్మ గీసి, తర్వాత దాని చుట్టూ ఇసుక రంగు నింపుతూ కూర్చుంటే అంచులన్నీ గడ్డకడతాయి. పైగా ఇసుక రంగు మీద తెల్ల సుద్ద గీత చక్కగా కనిపిస్తుంది.

ఎండ గోడ మీద నేరుగా పడుతున్నప్పుడు వేయకండి. రంగు బ్రష్షు మీదే ఆరిపోతుంది, చేయి ఆపిన చోటల్లా పట్టీ కనిపిస్తుంది. పొద్దున పదింటి లోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక.

8. గోడ మీద గళ్లు కొట్టడం

పై అంచు గీతను గోడ పైభాగాన్ని చూసి గీయకండి. ప్రహరీగోడలు రోడ్డు వాలుతోపాటు వాలి ఉంటాయి. రసమట్టం పెట్టి మొదటి అడ్డగీత సమంగా గీయండి. ఎడమ అంచు నిలువు గీతకు తూకం గుండు వేలాడదీయండి. మూల సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి: మూలనుంచి అడ్డంగా 8 అడుగులు, కిందికి 6 అడుగులు గుర్తు పెట్టి ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా 10 అడుగులు రావాలి.

ఇప్పుడు అడుగు గుర్తులు. ఇక్కడ చాలామంది అడుగు స్కేలు తీసుకుని ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతారు. ఒక్కోసారి 2 మి.మీ. జరిగినా పన్నెండో గీతకు రెండున్నర సెం.మీ. తేడా వస్తుంది. అలా చేయొద్దు. టేపు సున్నాను మూల దగ్గర పట్టించి, బిగువుగా లాగి, కదపకుండా 1, 2, 3 అని 12 దాకా గుర్తులన్నీ ఒకే పట్టున పెట్టండి. పై గీత మీద ఒకసారి, కింది గీత మీద మరోసారి. పక్క గీతల మీద కూడా అంతే.

దారాన్ని సుద్దపొడిలో రుద్ది, ఇద్దరు రెండు గుర్తుల దగ్గర గట్టిగా లాగి పట్టుకుని, నేరుగా ముందుకు లాగి వదలాలి. పక్కకు లాగితే గీత వంగుతుంది. 12 అడుగుల అడ్డగీతలకు దారం మధ్యలో సాగుతుంది కాబట్టి నడుమ ఒకరు బొటనవేలితో నొక్కి, అటు సగం ఇటు సగం విడివిడిగా కొట్టండి. మొత్తం నిలువు గీతలు 13, అడ్డగీతలు 7.

సుద్దకు బదులు బట్టల నీలిమందు వాడేవాళ్లున్నారు. గీత బాగా కనిపిస్తుంది నిజమే, కానీ తడి రంగు తగలగానే కరిగి పాకుతుంది, పసుపు పూలు ఆకుపచ్చగా మారిపోతాయి. ఈ పనికి తెల్ల సుద్దే మేలు.

గళ్లు సరిగా వచ్చాయో చూడటానికి రెండు పరీక్షలు. ఒకటి, మూలనుంచి ఎదురు మూలకు రెండు వైపులా కొలవండి, రెండూ 13 అడుగుల 5 అంగుళాలు రావాలి. రెండు, అదే మూలనుంచి మూలకు దారం బిగించి పట్టుకుని చూడండి. వెడల్పు ఎత్తుకు రెట్టింపు కాబట్టి దారం ప్రతి రెండో నిలువు గీత దగ్గర సరిగ్గా అడ్డగీతతో కలిసే చోట మీదుగా పోవాలి. ఎక్కడ తప్పుతుందో అక్కడి గీత తప్పు. అర అంగుళం లోపు తేడా బొమ్మలో తెలియదు, అంతకు మించితే ఆ గీత చెరిపి మళ్లీ కొట్టండి.

వరసల అంకెలు, అక్షరాలు గళ్ల బయట అంచులో రాయండి.

9. బొమ్మ దించడం

గడి లోపల ఏముందో చూసి గీయకండి, గీత గడి అంచును ఎక్కడ దాటుతోందో చూడండి. అసలు కిటుకంతా ఇదే. ఉదాహరణకు చ-7 లో రెక్క పై అంచు కాగితం మీద గడి పై గీతను ఎడమనుంచి అర సెం.మీ. దగ్గర దాటి లోపలికి వచ్చింది, కుడి గీతను పైనుంచి ఒకటిన్నర సెం.మీ. దగ్గర దాటి బయటికి పోయింది. గోడ మీద అదే గడిలో పై గీత మీద 3 అంగుళాల దగ్గర ఒక చుక్క, కుడి గీత మీద 9 అంగుళాల దగ్గర ఒక చుక్క పెట్టండి. పావు, ముప్పావు అని కంటితో పెట్టినా చాలు, ప్రతిసారీ టేపు అక్కర్లేదు.

ఇలా ఒక పొడుగాటి గీత మొత్తానికి, అంటే రెక్క కొననుంచి భుజం దాకా, చుక్కలన్నీ ముందు పెట్టేయండి. తర్వాత బొగ్గుకడ్డీతో ఒకే ఊపున కలపండి, మణికట్టు కాదు, భుజం కదలాలి. ఒక గడి పూర్తిచేసి పక్క గడికి పోయే పద్ధతిలో ప్రతి గడి గీత దగ్గరా చిన్న విరుపు వస్తుంది. దగ్గరనుంచి తెలియదు, దూరం పోతే రెక్క మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

ముందు కొమ్మ వాలు, పక్షి వీపు, రెక్కల అంచులు. తర్వాత ఆకుల గుంపులు గుంపులుగా. విడి ఆకులు, పూరేకులు గళ్లతో దించక్కర్లేదు, చేత్తో గీసుకోవచ్చు. తల ఉన్న గడిని మాత్రం కాగితం మీదా గోడ మీదా నాలుగు చిన్న గళ్లుగా కోయండి. కాగితం మీద 3 మి.మీ. ఉన్న కన్ను గోడ మీద దాదాపు నాలుగున్నర సెం.మీ. అవుతుంది. ముక్కుకూ కంటికీ మధ్య దూరం కొద్దిగా తప్పినా అది పాలపిట్టలా కాక కాకిలా కనిపిస్తుంది.

10. రంగు పెట్టకముందు సరిచూడండి

రోడ్డు దాటి, 20 అడుగుల దూరంనుంచి చూడండి. ఆపైన గోడకు సరిగ్గా ఎదురుగా, బొమ్మ మధ్య ఎత్తులో ఫోను పట్టుకుని ఫోటో తీసి, కాగితం బొమ్మ ఫోటో పక్కన పెట్టండి. పక్కగా నిలబడి తీస్తే లేని వంకర కనిపిస్తుంది. తర్వాత రెండు ఫోటోలనూ తలకిందులు చేసి చూడండి. మామూలుగా చూస్తే కన్ను పక్షినే చూస్తుంది, తలకిందులైతే ఆకారాన్ని చూస్తుంది. ఒక రెక్క పొట్టిదైతే అప్పుడు చటుక్కున దొరుకుతుంది.

తేడా ఉంటే ఏ గడిలో ఉందో పట్టుకోండి. ఎక్కువసార్లు ఒక వరస పక్కకు గీసేసి ఉంటారు, చ బదులు ట లో. గుడ్డతో బొగ్గు తుడిచి ఆ ముక్క మళ్లీ గీయండి.

అంతా కుదిరాక రెడ్ ఆక్సైడ్ కలిపిన పల్చటి రంగుతో, సన్న బ్రష్షుతో గీతలన్నీ ఒకసారి దిద్ది, గంట ఆరనివ్వండి. ఇప్పుడు పొడిగుడ్డతో, ఆ తర్వాత తడి పిండిన గుడ్డతో సుద్ద, బొగ్గు రెండూ తుడిచేయండి. గళ్లు పోతాయి, బొమ్మ గీత మిగులుతుంది. ఈ తుడవడం వదిలేస్తే బొగ్గుపొడి పసుపులో కలిసి మురికి ఆకుపచ్చ అవుతుంది. సుద్దపొడి మీద వేసిన రంగు గోడకు అంటదు.

11. రంగు నింపడం

వెనకనుంచి ముందుకు రండి: కొమ్మ, ఆకులు, పూలు, చివరికి పక్షి. పూల చోటులో ఆకుపచ్చ పొరపాటున పడుతుంది, పట్టించుకోకండి. ఆరాక పూల చోట్లకు తెలుపు రెండు చేతులు వేసి, దాని మీద పసుపు వేయండి. తెలుపు మీద పసుపు రెండు చేతుల్లోనే వెలుగుతుంది, ఆకుపచ్చ మీద నేరుగా వేస్తే నాలుగు వేసినా మసకే. ఒకవేళ పసుపు జార్ సగానికి వచ్చి, పూలింకా మిగిలి ఉంటే, తెలుపు అడుగుచేయి పల్చగా పడిందని అర్థం.

పక్షికి ముందు లేత నీలం మొత్తం వేసి, ఆరాక దాని మీద ముదురు నీలం పట్టీలు పెట్టండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి అంచులు కలపబోతే మధ్యలో ఇసుక రంగు సన్నగా తొంగిచూస్తుంది. రొమ్ము గోధుమ మీద సన్న లేత చారలు బ్రష్షును దాదాపు పొడిగా ఉంచి లాగాలి. అందుకు ఆ గోధుమలోనే కాస్త తెలుపు కలిపి వాడండి.

నీళ్లు మొదటి చేతికే డబ్బా మీద చెప్పినంత కలపండి. రెండో చేతికి, అంచులకు పదో వంతు దాటితే రంగు కారుతుంది. వాన సూచన ఉంటే ఆ రోజు మొదలుపెట్టకండి. వేసిన రంగుకు కనీసం ఒక రోజు వాన తగలకూడదు.

పని అయిన వారానికి రక్షణగా బయటి గోడలకు వాడే నీటి ఆధారిత మ్యాట్ క్లియర్ కోటు ఒక చేయి వేయొచ్చు. చెక్కకు వేసే వార్నిష్ వద్దు, ఏడాదిలో పసుపెక్కి నీలాన్ని ఆకుపచ్చగా మారుస్తుంది.

ఏడు రంగుల్లోనూ మిగిలినదాన్ని చిన్న సీసాల్లో నిండుగా పోసి, మూత బిగించి, పేరు, తేదీ, పాళ్లు రాసి బడి బీరువాలో పెట్టించండి. మొదటి వానాకాలం అయ్యాక గోడ చూడండి. పట్టీకి పైన, క్రింది వరస గళ్లలో ఎక్కడైనా రంగు పొంగితే ఆ చోట గీకి, ఆరనిచ్చి, ప్రైమర్ చుక్క వేసి, ఆ సీసాలోంచే దిద్దుకోవచ్చు.